ఓవర్‌ఫ్లోకి పచ్చ లైటు

నేను పాఠాలు చెప్పిన ఇంజినీరింగ్ కాలేజీ నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య హైవే దిగి కాస్త లోపలికి వెళ్తే వచ్చేది. పత్తి వేస్తే పురుగు, మిర్చి వేస్తే తెగులు తప్ప ఇంకేమీ పండని మెట్ట చేలో ఒక పెద్దమనిషి నాలుగంతస్తుల బిల్డింగు లేపి, చదువు పండించడం మొదలుపెట్టారు. అది బాగానే పండింది. రెండువేల సంవత్సరం దాటాక మా వైపు చేతిలో నాలుగు రాళ్లున్న ప్రతివాళ్లూ ఇదే పంట వేశారు. ఆయన్ని మేమంతా కరస్పాండెంటు గారు అనేవాళ్లం. ఎవరితో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపేవారో నాకు చివరిదాకా తెలియలేదు.

జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వెళ్లి నేను ఎలక్ట్రానిక్స్ చెప్పేవాణ్ణి. చిప్పులు తయారు చేయడం నేర్పే ల్యాబు కూడా నాదే. తలుపు మీద పేరు పెద్దగా రాయించారు. లోపల కంప్యూటర్లున్నాయి. వాటిలో వెరిలాగ్ అనే భాష ఉంది. చిప్పు ఎలా ఉండాలో, ఏ తీగ ఎక్కడ కలవాలో, ఏం వస్తే ఏం చేయాలో ఆ భాషలో రాస్తే కంప్యూటరు దాన్ని ఉత్తుత్తిగా నడిపించి తెర మీద గీతలు చూపిస్తుంది. పిల్లలు ఆ గీతలు చూసి రికార్డులో గీసుకుని, నాతో సంతకం పెట్టించుకుని వెళ్లిపోయేవాళ్లు. రాసింది నిజం చిప్పులోకి ఎక్కించి చూడాలంటే ఎఫ్‌పీజీఏ బోర్డు కావాలి. మా ల్యాబులో దాని ఫొటో ఉండేది, ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. వంట నేర్పుతామని పిలిచి బిర్యానీ ఫొటో చూపించి పంపినట్టుగా నాలుగేళ్లూ గడిచిపోయేవి. నాకు ఆ ఫొటో చూస్తే ఒళ్లు మండేది.

కరస్పాండెంటు గారిని బోర్డు అడిగినప్పుడల్లా, "చూద్దాం మాస్టారూ" అనేవారు. ఫొటో తెప్పించింది ఆయనే కాబట్టి ఆయన దృష్టిలో చూడటం అయిపోయినట్టే.

ఇక్కడ మా ప్రాంతం కాలేజీల ఆచారం ఒకటి చెప్పాలి. తనిఖీ కమిటీ వస్తోందంటే కాలేజీలో సామాను పెరుగుతుంది. ముందురోజు వ్యాన్లలో కంప్యూటర్లు దిగుతాయి, లైబ్రరీ అరలు నిండుతాయి. స్టోర్ కీపరు అన్నిటికీ మా కాలేజీ పేరున్న స్టిక్కర్లు అతికిస్తాడు. సామానే కాదు, మనుషులూ పెరుగుతారు. డాక్టరేట్ ఉన్న ప్రొఫెసర్లు పొద్దున బస్సు దిగి మా దగ్గరికొచ్చి, "మన డిపార్ట్‌మెంటు ఎటు బాబూ?" అని అడుగుతారు. మా డిపార్ట్‌మెంటు హెడ్ ఎవరో మాకు కాఫీ టైములో పరిచయమయ్యేది. కమిటీ వెళ్లాక ఆయనా, కంప్యూటర్లూ, పుస్తకాలూ అదే దారిన ఇంకో కాలేజీకి వెళ్లిపోయేవారు. దీన్ని ఎవరూ మోసమనేవారు కాదు, సర్దుబాటు అనేవారు.

ఆ ఏడాది మా బ్రాంచికి ఇంకొన్ని సీట్లు కావాలని కాలేజీ దరఖాస్తు పెట్టుకుంది. సీట్లు ఇవ్వాలంటే పిల్లలు చేసిన డిజైను నిజం చిప్పు మీద నడుస్తుంటే చూడాలని కమిటీ షరతు పెట్టింది. ఫొటోతో పని జరగదని తేలింది. కరస్పాండెంటు గారు విజయవాడలో ఒక డీలరుతో మాట్లాడి, వాడి చూసి కొంటామని చెప్పి ఒక బోర్డు తెచ్చారు. జగ్గయ్యపేట వైపు కాలేజీ నడుపుతున్న ఆయన బావమరిదికీ అదే షరతు ఉంది. మా దగ్గరికొచ్చిన కమిటీయే తర్వాత అక్కడికీ వెళ్తుంది. కాబట్టి ఒకటే బోర్డు, రెండు కాలేజీలు.

అట్టపెట్టె నా బల్ల మీద పెట్టి ఆయన అన్నారు, "జాగ్రత్త మాస్టారూ. గీత పడకూడదు. వాపసు ఇయ్యాలి."

"కొందాం సార్. పిల్లలు ముట్టుకుని నేర్చుకుంటారు," అన్నాను.

"కమిటీ వాళ్లు సంతోషపడితే కొందాం. మీరు లైట్లు మంచిగా వెలిగించండి. నాది పూచీ."

నేను నమ్మాను. నమ్మకపోతే ఆ ఉద్యోగం చేయడం కష్టం. ఆ పెట్టె మళ్లీ మా గుమ్మం దాటి వెళ్లకుండా ఉండాలంటే కమిటీ ముందు ఒక డిజైను చక్కగా నడవాలి, అంతే. నాకు అంతకన్నా ఏదీ అక్కర్లేదనిపించింది.

ఆ డిజైను చేసింది చందర్లపాడు నుంచి వచ్చే ఫైనలియర్ అమ్మాయి. నందిగామలో బస్సు మారి వచ్చేది. మిగతావాళ్లు ప్రాజెక్టులు హైదరాబాదులో తయారుగా కొని, బైండింగు చేయించి తెచ్చేవాళ్లు. ఒకసారి ఇద్దరికి ఒకే ప్రాజెక్టు అమ్మారు, అట్ట రంగు మాత్రం వేరు. ఈ అమ్మాయి మాత్రం చిన్న ఏఎల్‌యూ ఒకటి సొంతంగా రాస్తానని పట్టుబట్టింది. ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగం పేరు ఏఎల్‌యూ. ఈమెది నాలుగు బిట్లది, అంటే ప్రతి అంకెనీ నాలుగు సున్నాలూ ఒకట్లతో రాసేది. ఒక పక్క నుంచి ఒక అంకె, రెండో పక్క నుంచి ఇంకో అంకె వస్తాయి. ఏం చేయాలో చెప్పే సంకేతం మూడు బిట్లు. దాన్ని బట్టి కూడిక, తీసివేత, బిట్లని ఒకదానితో ఒకటి సరిచూసే యాండ్, ఆర్, ఎక్స్ఆర్, బిట్లని తిరగేసే నాట్, ఎడమకి జరపడం, కుడికి జరపడం, ఎనిమిదిలో ఒకటి చేస్తుంది.

జవాబుతో పాటు దాని సంగతి చెప్పే నాలుగు ఫ్లాగులు వస్తాయి. జవాబు మొత్తం సున్నా అయితే జీరో ఫ్లాగు. పై బిట్టు ఒకటైతే నెగటివ్. కూడికలో నాలుగు బిట్లు దాటి ఒకటి బయటికొస్తే, లేదా జరిపినప్పుడు ఒక బిట్టు అంచు దాటి పడిపోతే అది క్యారీ. ఇక ఓవర్‌ఫ్లో. నాలుగు బిట్లలో ప్లస్ మైనస్ గుర్తుతో సహా రాస్తే మైనస్ ఎనిమిది నుంచి ఏడు దాకా మాత్రమే పడుతుంది. ఏడుకి ఒకటి కలిపితే ఎనిమిది రావాలి, చోటు లేదు కాబట్టి తెర మీద మైనస్ ఎనిమిది కనిపిస్తుంది. రెండు ప్లస్‌లు కలిస్తే మైనస్ రావడం అన్యాయం కదా. ఆ అన్యాయం జరిగిన క్షణంలో, పైన కనిపించే జవాబు నమ్మొద్దు అని చెప్పేదే ఓవర్‌ఫ్లో ఫ్లాగు. తన తప్పు తనే చెప్పుకునే గుణం నేను మా కాలేజీ మొత్తం మీద దాంట్లోనే చూశాను.

మొదట్లో ఆ అమ్మాయి డిజైనులో ఒక చిక్కు వచ్చింది. కూడికలో క్యారీ ఒకటి వచ్చాక, సంకేతం యాండ్‌కి మార్చినా క్యారీ ఒకటిగానే ఉండిపోయేది. యాండ్‌లో క్యారీకి పనే లేదు. రెండు రోజులు జుట్టు పీక్కుంది.

"సార్, యాండ్ దగ్గర నేను క్యారీ గురించి ఏమీ రాయలా. మరి ఎందుకు వస్తంది?" అంది.

"రాయలేదు కాబట్టే వస్తోందమ్మా. నువ్వు చెప్పకపోతే కంప్యూటరు పాతదే ఉంచమన్నావని అనుకుంటుంది. దాచిపెట్టడానికి నీకు తెలియకుండానే లోపల ఒక లాచ్ కట్టేసింది," అన్నాను.

ఆ అమ్మాయి తను రాసినదాని మొదట్లోనే క్యారీ, ఓవర్‌ఫ్లో రెండిటికీ సున్నా ఇచ్చి, కూడిక, తీసివేతల్లో రెండూ, జరపడాల్లో క్యారీ ఒక్కటే మార్చింది. దాంతో పాత క్యారీ వదిలింది. ఎవరూ ఏమీ అనకపోతే పాతదే నడిచిపోవడం మా కాలేజీ పరిపాలన కూడా కాబట్టి నాకు ఆ లాచ్ వెంటనే తట్టింది.

తీసివేత దగ్గర మా ప్రిన్సిపాల్ గారు అడ్డం పడ్డారు. ఆయన సివిల్ ఇంజినీరు. తెర మీద అయిదులోంచి మూడు తీస్తే రెండు వచ్చి, పక్కన క్యారీ కూడా ఒకటి చూపించింది. "తీసివేతలో క్యారీ ఏందయ్యా? అప్పు కదా తెచ్చుకునేది," అన్నారు. రెండో అంకె బిట్లన్నీ తిరగేసి, ఒకటి కలిపి, మొదటిదానికి కూడటమే చిప్పు చేసే తీసివేత అనీ, అప్పు అవసరం లేనప్పుడే బయటికి ఒకటి వస్తుందనీ ఆ అమ్మాయి కాగితం మీద వేసి చూపించింది. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "సరే, కమిటీ ముందు తీసివేతలు చెయ్యొద్దు," అని తేల్చేశారు.

బోర్డు వచ్చాక ఆ అమ్మాయి మొహం చూడాలి. గోడ మీది ఫొటో దగ్గరికి తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చి చూసుకుంది. బోర్డు మీద స్విచ్చుల వరస, దాని పైన తొమ్మిది చిన్న లైట్లు ఉన్నాయి. ఏడు పసుపు, చివర ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. నాలుగు పసుపు లైట్లు జవాబుకి, మూడు పసుపు లైట్లు జీరో, నెగటివ్, క్యారీలకి ఇచ్చింది. ఓవర్‌ఫ్లోకి ఎరుపు ఇచ్చింది. పచ్చది మిగిలిపోయింది. ఏ సంకేతం చిప్పు ఏ కాలి గుండా ఏ లైటుకి పోవాలో ఒక చిన్న ఫైలులో రాయాలి. ఒక్కో దానికి ఒక్కో లైను, అంతే. డిజైను ఎక్కించి స్విచ్చులు పైకీ కిందికీ వేస్తుంటే లైట్లు వెంటనే జవాబు చెప్పాయి. తను రాసిన అక్షరాలు అలా వెలగడం చూసి ఆ అమ్మాయి ప్రతి స్విచ్చూ మళ్లీ మళ్లీ వేసి చూసుకుంది.

రిహార్సలుకి కరస్పాండెంటు గారు స్వయంగా వచ్చారు. మూడూ రెండూ కూడి చూపిస్తే ఆయనకి ఆనలేదు.

"చిన్నపిల్లల లెక్కలు ఏంటి మాస్టారూ. పెద్దది వెయ్యండి. రెండు పక్కలా ఫుల్లు వెయ్యండి."

ఏడుకి ఏడు కలిపింది ఆ అమ్మాయి. చివర ఎర్ర లైటు ధగధగా వెలిగింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"కాలిపోయిందా?"

"లేదండి. ఓవర్‌ఫ్లో అండి. జవాబు నాలుగు బిట్లలో పట్టలేదని చెప్తంది," అంది ఆ అమ్మాయి.

"అంటే తప్పొచ్చింది."

"తప్పొచ్చిందని చెప్పడం కరెక్టండి."

ఆయన నా వైపు తిరిగారు. "మాస్టారూ, ఇంట్లో తప్పులు ఇంట్లో చూసుకోవాలి. వచ్చినవాళ్ల ముందు ఎర్ర లైటు వేసి చూపిస్తారా ఎవరైనా? కమిటీ రోజున ఎర్ర లైటు వెలగడానికి వీల్లేదు. వెలిగిందా, బోర్డు సంగతి మర్చిపోండి."

ఫ్లాగు తీసేయడమంటే ఒక లైను పని. ఓవర్‌ఫ్లో ఎప్పుడూ సున్నా అని రాసేస్తే సరి, జన్మలో వెలగదు. కానీ తీసేస్తే అది ఏఎల్‌యూ కాదు, తప్పులేవీ కనపడని మా నోటీసు బోర్డు అవుతుంది. వచ్చే ప్రొఫెసరు ఏడుకి ఒకటి కలిపి చూస్తే అక్కడే దొరికిపోతాం. ఉంచితే కరస్పాండెంటు గారు బోర్డు కొనరు. నేను తల పట్టుకుని కూర్చుంటే ఆ అమ్మాయి మెల్లగా అంది.

"సార్, ఆయన ఎర్ర లైటు వద్దన్నారు గానీ, ఓవర్‌ఫ్లో వద్దనలేదు కదండీ."

కాళ్ల ఫైలులో ఒక లైను మార్చింది. ఓవర్‌ఫ్లో పచ్చ లైటుకి వెళ్లింది. లోపల ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

మర్నాడు మళ్లీ రిహార్సలు. ఏడుకి ఏడు కలపగానే పచ్చ లైటు వెలిగింది. కరస్పాండెంటు గారి మొహం కూడా వెలిగింది. "ఇదీ పద్ధతి," అని చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే ప్రిన్సిపాల్ గారు కొట్టారు, ప్రిన్సిపాల్ గారు కొడితే అటెండరు కొట్టాడు. ఆ రోజు నుంచి ఎవరైనా చుట్టం వచ్చినా తీసుకొచ్చి, "ఏదమ్మా, పచ్చ లైటు వెయ్యి," అనేవారు. అది వెలిగినప్పుడల్లా, అంటే లెక్క తప్పినప్పుడల్లా, మా ల్యాబులో చప్పట్లు మోగేవి. మూడూ రెండూ అయిదని సరైన జవాబు వచ్చినప్పుడు మాత్రం అందరూ ఉసూరుమని చూసేవాళ్లు.

ఇంకొక భయం కరెంటు. మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, జనరేటరు అందుకునేలోపు అంతా చీకటి. ఎఫ్‌పీజీఏ చిప్పుకి కరెంటు పోతే అందులో ఎక్కించినదంతా మర్చిపోతుంది. మళ్లీ కంప్యూటరు తగిలించి ఎక్కించుకోవాలి, కమిటీ అంతసేపు నిలబడదు. అందుకని డిజైనుని బోర్డు మీదే ఉన్న ఇంకో చిన్న మెమరీ చిప్పులో రాసిపెట్టాం. కరెంటు రాగానే పెద్ద చిప్పు దాన్ని చదువుకుని తనంతట తనే ఏఎల్‌యూ అయిపోతుంది. అది మర్చిపోదు.

కమిటీ రోజున గుమ్మానికి అరటి బోదెలు కట్టారు. కారు పరిటాల దాటిందని ఫోను రాగానే పూజారి గారు బోర్డుకి కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు పడకుండా నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను గానీ, చిప్పు నడినెత్తిన కుంకుమ బొట్టు మాత్రం ఆపలేకపోయాను. స్టోర్ కీపరు బోర్డు అడుగున మా కాలేజీ స్టిక్కరు అతికించి, నంబరు వేసి, చేతులు దులుపుకున్నాడు.

కమిటీలో మా సబ్జెక్టు తెలిసినాయన ఒక పెద్ద ప్రొఫెసరు గారు. తెల్ల మీసాలు, నెమ్మదైన మాట. కుర్చీ లాక్కుని బోర్డు ముందు కూర్చుని, మాలో ఎవరినీ అడగకుండా స్విచ్చులు తనే వేసుకోవడం మొదలుపెట్టారు. అయిదూ రెండూ కూడారు. ఏడు వచ్చింది. జరిపారు, తిరగేశారు. ప్రిన్సిపాల్ గారు కళ్లతో వారిస్తున్నా, అయిదులోంచి మూడు తీసి క్యారీ వెలగడం చూసి తల ఊపారు. అన్నీ సరిగ్గా వస్తున్నాయి, పచ్చ లైటు మాత్రం రావడం లేదు. వెనక నుంచి కరస్పాండెంటు గారు నా భుజం మీద గోకి, "ఏంటి, చెడిపోయిందా?" అని గుసగుసలాడారు.

అప్పుడు ప్రొఫెసరు గారు ఏడుకి ఒకటి కలిపారు. పచ్చ లైటు వెలిగింది. కరస్పాండెంటు గారు చప్పట్లు అందుకున్నారు. గదిలో ఉన్నవాళ్లంతా అందుకున్నారు. పొద్దున బస్సు దిగిన మా హెడ్ కూడా కొట్టారు.

చప్పట్లు ఆగేదాకా ఆగి, ప్రొఫెసరు గారు లైటు మీద వేలు పెట్టారు. "ఇదేంటి?"

ఏదో ఒకటి అనేసి గట్టెక్కొచ్చు. కానీ ఆయన కావాలనే ఏడుకి ఒకటి కలిపారు, ఆయనకి తెలుసు. నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి చెప్పింది.

"ఓవర్‌ఫ్లో అండి. రెండు అంకెల గుర్తూ ఒకటే అయ్యుండి, జవాబు గుర్తు మారితే వస్తదండి. జవాబు నమ్మొద్దని అర్థం."

"మరి పచ్చ రంగు ఎందుకు?"

"మా కాలేజీలో ఎర్ర లైటు వెలగకూడదండి."

ఆయన ఆ అమ్మాయి వైపు చూశారు, కరస్పాండెంటు గారి వైపు చూశారు, ఆ తర్వాత మీసాల కింద నవ్వుకున్నారు. "బాగా చేశావమ్మా. తీసివేతలో ఎలా పట్టుకున్నావు?" అని అడిగారు. తీసివేతలో రెండు గుర్తులూ వేరై, జవాబు గుర్తు మొదటిదానితో కలవకపోతే, అని ఆమె చెప్పింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. పోయేముందు కరస్పాండెంటు గారితో, "డిజైను చాలా బాగుందండి. ఈ పిల్లలకి ఈ బోర్డు అందుబాటులో ఉంచండి," అన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కమిటీ కారు గేటు దాటగానే కరస్పాండెంటు గారి గదికి పరుగెత్తాను. ఆయన లడ్డూ తింటున్నారు. నాకూ ఒకటి ఇచ్చారు.

"సార్, కమిటీ సంతోషపడింది. బోర్డు కొందాం."

"సంతోషపడ్డారుగా మాస్టారూ. పని అయిపోయింది కదా, ఇంక కొనడం దేనికి?"

కమిటీకి నచ్చకపోతే కొనడం దండగ, నచ్చితే కొనడం అనవసరం. ఆ లెక్కలో బోర్డు ఏ దారిన వచ్చినా బయటికే పోతుంది. అంత కోపం నాకు ఆ కాలేజీలో ఎప్పుడూ రాలేదు. చేతిలో లడ్డూ ఉండబట్టి నోరు మూసుకున్నాను.

కిందికొచ్చేసరికి బావమరిది గారి కాలేజీ జీపు హారను కొడుతోంది. ఆ అమ్మాయి బోర్డుని పెట్టెలో పెడుతూ, బొట్టు మరక తుడుస్తోంది. కళ్లలో నీళ్లున్నాయి గానీ కింద పడనివ్వలేదు.

"సార్, మెమరీలో మన డిజైను అలాగే ఉంది. చెరపమంటారా?"

డ్రైవరు మళ్లీ హారను కొట్టాడు. "ఉండనీమ్మా. ఎక్కడో ఒకచోట వెలగనీ," అన్నాను.

ఆ కాలేజీలో నాలాగే ల్యాబు చూసే లెక్చరరు ఒకాయన మా ఊరివాడే, ఒకే బస్టాండులో ఎదురుపడేవాళ్లం. నాలుగు రోజుల తర్వాత పొద్దున బస్సెక్కి నా పక్కన కూలబడి, వాళ్ల కమిటీ రోజు కథంతా చెప్పాడు.

పెట్టె వాళ్ల దగ్గరికి వెళ్లింది. వాళ్ల పిల్లలు హైదరాబాదులో కొన్న డిజైను ఎక్కించడానికి ఎవరికీ చేతకాలేదు. కరెంటు పెట్టి చూస్తే బోర్డు తనంతట తనే లైట్లు వేసుకుంది. స్విచ్చులు కదిపితే లైట్లు మారుతున్నాయి. మా కరస్పాండెంటు గారు బావమరిదికి ముందే ఫోను చేసి ఉన్నారు, "ఆ పచ్చ లైటు ఒకటుంది, అది వెలిగిందంటే వాళ్లు పడిపోతారు," అని. అందుకని అంతా కలిసి ఏ స్విచ్చులేస్తే పచ్చ లైటు వస్తుందో కనిపెట్టి పెట్టుకున్నారు. దేవుడి దయ వల్ల తయారుగా ఒక డిజైను దొరికిందనుకున్నారు.

అదే ప్రొఫెసరు గారు వచ్చి బోర్డు ముందు కూర్చున్నారు. స్విచ్చుల వంక, లైట్ల వంక కాసేపు చూసి, వేరే ఏ లెక్కా వేయకుండా నేరుగా ఏడుకి ఒకటి కలిపారు. పచ్చ లైటు వెలిగింది. బావమరిది గారు చప్పట్లు మొదలుపెట్టారు.

"ఇదేం లైటండీ?" అని అడిగారట.

మా ఊరి లెక్చరరు ఛాతీ విరుచుకుని, "జవాబు కరెక్టయితే వెలుగుతుంది సార్," అన్నాడట.

"మీ కాలేజీలో కూడా ఎర్ర లైటు వెలగకూడదా అండీ?" అన్నారట ఆయన. ఎవరికీ అర్థం కాలేదు. ఆయన బోర్డుని తిరగేశారు. అడుగున వాళ్ల కాలేజీ స్టిక్కరు ఉంది. దాన్ని గోటితో మెల్లగా లేపితే కింద మా కాలేజీ స్టిక్కరు ఉంది, నంబరుతో సహా.

"ఆ లైటు ఏంటో నాకు ముందే చెప్పకూడదా మాస్టారూ?" అన్నాడు ఆ లెక్చరరు, నేనేదో ద్రోహం చేసినట్టు. మీరు అడగలేదు కదండీ అన్నాను. ఆయన దిగేదాకా నేను నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత జరిగింది చప్పుడు లేకుండా జరిగింది. రెండు కాలేజీలకీ కబురొచ్చింది. ఒకే రోజు, ఒకే గంటకి, ఇద్దరు మనుషులు రెండు కాలేజీలకీ వస్తారు, ఎవరి బోర్డు వాళ్లు బిల్లుతో సహా చూపించాలి, అప్పటిదాకా సీట్ల మాట లేదు. సర్దుబాటు అనే మాట ఆ కబురులో ఎక్కడా లేదు. ఆ వారంలోనే విజయవాడ డీలరుకి ఒకే కుటుంబం నుంచి రెండు ఆర్డర్లు వెళ్లాయి.

కొత్త పెట్టె మా ల్యాబులోకి వచ్చిన రోజు గోడ మీది ఫొటో నేనే దింపాను. ఫైనలియర్ పరీక్షలకి ఇంకా టైముంది. ఆ అమ్మాయి జూనియర్లని చుట్టూ కూర్చోబెట్టుకుని, తన ఏఎల్‌యూ కొత్త బోర్డులోకి ఎక్కించడానికి కాళ్ల ఫైలు తెరిచింది. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. కరస్పాండెంటు గారు. అందరం లేచి నిలబడ్డాం. ఆయన నన్ను తిడతారనుకున్నాను. నా వంక చూడనే లేదు. తెర దగ్గరికి వచ్చి వంగి చూశారు.

"అమ్మాయ్, ఆ తప్పు చెప్పే లైటుకి ఏ రంగు పెడుతున్నావు?"

"మీరు ఏది చెప్తే అదండి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. నాకు తెలిసి ఆ ల్యాబులో ఆయన ఆలోచించడం అదే మొదలు.

"ఎర్రదే పెట్టమ్మా," అన్నారు. "పచ్చగా కనపడితే మాకు తెలీట్లా. చప్పట్లు కొడతన్నాం."

ఆ అమ్మాయి ఒక లైను మార్చి డిజైను ఎక్కించింది. ఏడుకి ఒకటి కలిపింది. ఎర్ర లైటు వెలిగింది. అలవాటు కొద్దీ పైకి లేచిన రెండు చేతుల్నీ ఆయన వెనక్కి పెట్టుకుని, అలాగే నిలబడి ఆ లైటు వంక చూశారు.